కోణం నిలవాలా, విస్తీర్ణం నిలవాలా?

ఎకరానికి వంద సెంట్లు. కుప్పంలోనైనా అంతే, ఇచ్ఛాపురంలోనైనా అంతే. కానీ ఫోన్లలో, వెబ్‌సైట్లలో మనం రోజూ చూసే పటాల వెనక ఉన్న కోఆర్డినేట్లు తీసుకుని, వాటిలోని మీటర్లే నేల మీది మీటర్లనుకుని లెక్క కడితే, కుప్పం దగ్గరి ఎకరం సుమారు 106 సెంట్లు తేలుతుంది. ఇచ్ఛాపురం దగ్గరిది దాదాపు 113 సెంట్లు. హైదరాబాద్ శివార్లలో 40 గుంటలు ఉండాల్సిన ఎకరం 44 గుంటలవుతుంది. రాష్ట్రం మొత్తాన్ని అలాగే లెక్కిస్తే ఆంధ్రప్రదేశ్ తన అసలు విస్తీర్ణం కంటే సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లు పెరిగిపోతుంది, తెలంగాణ 12 వేలు పెరుగుతుంది.

ఇందులో యాప్‌ల తప్పేమీ లేదు. మంచి యాప్‌లలో దూరం, విస్తీర్ణం కొలిచే సదుపాయం తెర మీది బొమ్మను కొలవదు, భూగోళం మీదే లెక్కించి చెబుతుంది. తెర మీది బొమ్మ మాత్రం వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో ఉంటుంది. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని సంఖ్య `EPSG:3857`. వీధులు, మలుపులు చూపించడానికి అది బాగా పనికొస్తుంది. అదే బొమ్మ మీద జిల్లాల విస్తీర్ణాలు పోల్చినా, జనసాంద్రతకు రంగులు వేసినా, ఎకరాలు లెక్కపెట్టినా మోసపోతాం. పటానికి ప్రొజెక్షన్ ఎంచుకోవడమంటే ఏ కొలత చెడిపోయినా ఫర్వాలేదో, ఏది చెడకూడదో ముందే తేల్చుకోవడం. గోళాన్ని కాగితం మీదికి దించినప్పుడు ఏదో ఒకటి చెడక తప్పదు.

ఏది ఎలా చెడుతుందో ఒక్క గడి తీసుకుని చూద్దాం. 17, 18 డిగ్రీల అక్షాంశాల మధ్య, 80, 81 డిగ్రీల రేఖాంశాల మధ్య ఉన్న గడిలో ఖమ్మం, కొత్తగూడెం పట్టణాలు రెండూ పడతాయి. నేల మీద ఈ గడి ఎత్తు, అంటే ఉత్తర దక్షిణాల పొడవు, దాదాపు 110.7 కిలోమీటర్లు. వెడల్పు అంత ఉండదు. దక్షిణపు అంచున 106.5, ఉత్తరపు అంచున 105.9 కిలోమీటర్లు ఉంటుంది. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర కలుసుకోవాలి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ అవి దగ్గరవుతుంటాయి. లెక్క వేస్తే గడి విస్తీర్ణం సుమారు 11,750 చదరపు కిలోమీటర్లు.

ఈ గడిని కాగితం మీద పెట్టడానికి అందరికీ మొదట తట్టే దారి, డిగ్రీలను నేరుగా గ్రాఫ్ కాగితం మీద గుర్తించడం. అడ్డంగా ఒక డిగ్రీ, నిలువుగా ఒక డిగ్రీ. గడి చక్కటి చతురస్రం అవుతుంది. అసలు గడి చతురస్రం కాదు కదా, కాబట్టి వెడల్పు నాలుగు శాతానికి పైగా సాగిందన్నమాట. నేల మీద ఈశాన్యంగా, సరిగ్గా 45 డిగ్రీల కోణంలో పోయే రోడ్డు ఈ పటంలో కాస్త తూర్పుకు వాలి కనిపిస్తుంది. అంటే కోణం చెడింది. పై గడులు కింది గడుల కంటే ఎక్కువగా సాగుతాయి కాబట్టి విస్తీర్ణాల నిష్పత్తి కూడా చెడింది. రెండు విధాలా నష్టమే. అయినా అక్షాంశ రేఖాంశాలతో వచ్చిన డేటాను సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే మామూలుగా కనిపించేది ఈ బొమ్మే. తెర కింది మూలన `EPSG:4326` అని ఉంటే మీరు చూస్తున్నది ఇదేనని అర్థం. అచ్చయి వస్తున్న పటాల్లో ఇలా ఏ నిర్ణయమూ తీసుకోకుండా వదిలేసినవి చాలానే ఉంటున్నాయి. దాన్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దిద్దడానికి అయిదు నిమిషాలు చాలు.

ఇప్పుడు ఈ గడిని రెండు విధాలుగా దిద్దొచ్చు. భూమధ్యరేఖ మీది కొలతతో పోలిస్తే వెడల్పు దాదాపు ఐదు శాతం సాగింది కదా, సరే, ఎత్తును కూడా అదే ఐదు శాతం సాగదీద్దాం. అప్పుడు గడి పెద్దదవుతుంది గానీ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మళ్లీ నేల మీద ఉన్నట్టే వస్తుంది. 45 డిగ్రీల రోడ్డు 45 డిగ్రీల్లోనే ఉంటుంది. చిన్న చెరువు తన ఆకారంలోనే కనిపిస్తుంది. 1569లో మెర్కేటర్ చేసింది ఇదే. ఏ చోట చూసినా అన్ని దిక్కులకూ సాగుడు ఒకేలా ఉండే ఇలాంటి ప్రొజెక్షన్‌ను కన్ఫార్మల్ అంటారు, మన పుస్తకాల్లో అనురూప ప్రక్షేపం అని రాస్తారు. మూల్యం విస్తీర్ణంలో చెల్లించాలి. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు కలిసి విస్తీర్ణం దాదాపు పది శాతం పెరిగింది. హైదరాబాద్ ఎకరంలో వచ్చిపడ్డ నాలుగు గుంటలు ఇవే.

రెండో దారి దీనికి పూర్తిగా ఎదురు. వెడల్పు ఐదు శాతం సాగింది కాబట్టి ఎత్తును అంతే నిష్పత్తిలో తగ్గిద్దాం. గడి కొంచెం అణిగి, పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తుంది. కానీ విస్తీర్ణం మాత్రం అసలుకు సరిగ్గా సరిపోతుంది. పటంలో ఎక్కడ ఒక చదరపు సెంటీమీటరు తీసుకున్నా అది నేల మీద ఒకే విస్తీర్ణానికి సమానం. ఇది ఈక్వల్ ఏరియా, అంటే సమవైశాల్య ప్రక్షేపం. ఇక్కడ చెడేది కోణం. ఖమ్మం దగ్గర ఆ అణుగుడు కంటికి పెద్దగా తెలియదు. లేహ్ పట్టణం ఉన్న గడిని చూస్తే తెలుస్తుంది. అక్కడ ఒక డిగ్రీ వెడల్పు 92 కిలోమీటర్లే. ఈ పద్ధతిలో దాని వెడల్పు 21 శాతం పెరిగి, ఎత్తు 18 శాతం తగ్గుతుంది. లడఖ్ మొత్తం అప్పడంలా పరుచుకుపోతుంది.

ఒకే పటంలో కోణమూ విస్తీర్ణమూ రెండూ అంతటా నిలిచే ఉపాయం ఉందా? లేదు. అన్ని దిక్కులకూ సాగుడు ఒకటే అయి, విస్తీర్ణం కూడా మారకపోతే, అసలు ఏ దిక్కుకూ సాగుడు లేనట్టే. అంటే గోళం ఏమాత్రం సాగకుండా, ముడుచుకోకుండా బల్లపరుపు అయిపోవాలి. గోళపు వంపు అందుకు ఒప్పుకోదని గౌస్ 1827లో గణితంతో రుజువు చేశాడు. కాబట్టి రెండింటిలో ఒకటే. లేదా రెండూ కొద్దికొద్దిగా చెడేలా మధ్యేమార్గం. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు గీసిన పాలీకోనిక్ ప్రొజెక్షన్ అలాంటిదే. అది పూర్తిగా కన్ఫార్మలూ కాదు, ఈక్వల్ ఏరియా కూడా కాదు. ఒక్కో షీటు చిన్న ప్రాంతానికే కాబట్టి పని జరిగిపోయింది.

కన్ఫార్మల్ విషయంలో ఒక అపోహ బాగా ఉంది. ఆకారాలు నిలుస్తాయి అనగానే రాష్ట్రం ఆకారం, దేశం ఆకారం నిలుస్తాయని అనుకుంటారు. నిలిచేది చిన్న ఆకారాలే. ఒక ఊరు, ఒక చెరువు, ఒక కూడలిలో రోడ్లు కలిసే కోణం. పెద్ద ప్రాంతంలో ఒక కొసకూ మరో కొసకూ స్కేలు మారిపోతుంది కాబట్టి మొత్తం ఆకారం మారుతుంది. వెబ్ మెర్కేటర్‌లో లేహ్ చుట్టుపక్కల నేల కన్యాకుమారి దగ్గరి అంతే నేల కంటే 40 శాతానికి పైగా పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఫోన్ పటంలో భారతదేశపు తల అంత బరువుగా ఉంటుంది.

మెర్కేటర్‌లో చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సాగుడు భూమధ్యరేఖ దగ్గర సున్నా అయి, అక్కడి నుంచి పైకి పెరుగుతూ పోతుంది. మన పటంలో భూమధ్యరేఖే లేదు. లేనిచోట పటం కచ్చితంగా ఉండి మనకేం లాభం? సాగుడు సున్నా అయ్యే చోటును మన రాష్ట్రంలోకే తెచ్చుకోవాలి. అందుకు కోన్ ఆకారపు ప్రొజెక్షన్లు ఉన్నాయి. పల్లీలు కట్టిచ్చే కాగితపు పొట్లాన్ని గ్లోబు మీద టోపీలా బోర్లించినట్టు ఊహించుకోండి. పొట్లాన్ని విప్పితే చిరగకుండా, ముడత పడకుండా చదునైన కాగితం అవుతుంది. అది గ్లోబును పైపైన ఒక్క వృత్తం వెంబడి తాకే బదులు కాస్త లోపలికి కోసుకుని వెళ్లేలా పెడితే, రెండు అక్షాంశాల వెంబడి తూర్పు పడమరల కొలత సరిగ్గా నిలుస్తుంది. వీటిని ప్రామాణిక అక్షాంశాలు అంటారు. ఆ రెండింటి మధ్య పటం కొద్దిగా కుదించుకుంటుంది, వాటి బయట కొద్దిగా సాగుతుంది. ఎక్కడా ఎక్కువ కాదు.

కోన్‌లోనూ రెండు రకాలు. పొట్లం విప్పాక అక్షాంశ వృత్తాల మధ్య దూరాన్ని ఎలా పెట్టుకుంటామన్న దాన్ని బట్టి అది కన్ఫార్మల్ అవుతుంది, లేదా ఈక్వల్ ఏరియా అవుతుంది. మొదటిది 1772లో లాంబర్ట్ ఇచ్చింది. ఆ ఒక్క రచనలోనే ఆయన విస్తీర్ణం నిలిపే ప్రొజెక్షన్లు కూడా ఇచ్చాడు. నేటికీ వాడుకలో ఉన్నవి అందులో చాలా ఉన్నాయి. విస్తీర్ణం నిలిపే కోన్‌లలో ఎక్కువగా వాడేది మాత్రం 1805లో జర్మనీలో ఆల్బర్స్ ఇచ్చిన రకం.

ఆంధ్రప్రదేశ్‌కే చేసి చూద్దాం. రాష్ట్రం సుమారు 12.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 19.2 వరకు ఉంది. మధ్య దూరం 6.6 డిగ్రీలు. ప్రామాణిక అక్షాంశాలు ఎక్కడ పెట్టాలనే దానికి పటాలు గీసేవారిలో ఒక పాత వాడుక ఉంది. మొత్తం దూరంలో ఆరో వంతు కింది నుంచి పైకి, ఆరో వంతు పై నుంచి కిందికి జరగాలి. 6.6లో ఆరో వంతు 1.1. కాబట్టి 13.7, 18.1 డిగ్రీల దగ్గర రెండు అక్షాంశాలు. పడమర కొస 76.75, తూర్పు కొస 84.8 రేఖాంశాలు కాబట్టి నడిమి రేఖాంశం 80.8. సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సింది ఇంతే:

```
+proj=aea +lat_1=13.7 +lat_2=18.1 +lat_0=15.9 +lon_0=80.8 +datum=WGS84 +units=m
```

ఇది ఆల్బర్స్, విస్తీర్ణం నిలిపేది. `aea` తీసేసి అక్కడ `lcc` అని పెడితే లాంబర్ట్ కన్ఫార్మల్ అవుతుంది. మిగతా అంకెలన్నీ అవే.

తేడా ఎంత వస్తుందో చూడండి. లాంబర్ట్‌లో రాష్ట్రం నడుమన, ఒంగోలు కాస్త పైన, కిలోమీటరుకు ముప్పావు మీటరు తక్కువ చూపిస్తుంది. ఉత్తర, దక్షిణపు అంచుల్లో కిలోమీటరుకు 90 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఆల్బర్స్‌లో నడుమన తూర్పు పడమరలకు అదే ముప్పావు మీటరు తగ్గి, ఉత్తర దక్షిణాలకు అంతే పెరుగుతుంది, విస్తీర్ణం మాత్రం అచ్చంగా నిలుస్తుంది. 30 సెంటీమీటర్ల కాగితం మీద వెయ్యిలో ఒక వంతు అంటే 0.3 మిల్లీమీటర్లు, పెన్ను గీత మందం. తేమకు కాగితం అంతకన్నా ఎక్కువే మారొచ్చు. అంటే ఒక రాష్ట్రం అంత పటానికి, ప్రొజెక్షన్‌ను ఆ రాష్ట్రానికి సరిపడా బిగించుకున్నాక, కన్ఫార్మలా ఈక్వల్ ఏరియానా అన్నది కంటికి అందే తేడా కాదు. మార్చినా పటం చూసేవాళ్లు గుర్తుపట్టలేరు. పది, పన్నెండు శాతాల తప్పులు వచ్చేది బిగించుకోకుండా వదిలేసినప్పుడే. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఈ రెంటిలో ఏది మేలని రోజంతా వాదించుకుని, చివరికి వెబ్ మెర్కేటర్‌లోనే అచ్చుకు పంపితే ఆ వాదనంతా వృథా.

అయినా ఒకటి ఎంచుకోక తప్పదు కాబట్టి పటం చేసే పనిని బట్టి ఎంచుకోవాలి. కాలువ గీయాలి, రోడ్డు మలుపు లెక్కించాలి, సర్వే పనిముట్టుతో నేల మీద కొలిచిన కోణం పటంలో అలాగే కనిపించాలి అంటే కన్ఫార్మల్. టోటల్ స్టేషన్‌తో పనిచేసేవారికి కోణం చెడితే ప్రతి రీడింగునూ దిద్దుకోవాల్సి వస్తుంది. స్కేలు మారినా ఒక్క గుణకంతో సరిచేసుకోవచ్చు. జిల్లాల వారీగా రంగులు వేసేది, చుక్కలు పెట్టేది, అడవి ఎంత పంట ఎంత అని చూపేది అయితే ఈక్వల్ ఏరియా. ఎందుకంటే చదివేవారి కన్ను రంగుతో పాటు విస్తీర్ణాన్ని కూడా లెక్కేసుకుంటుంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఈ విషయాన్ని చాలా స్పష్టంగా తేల్చుకుంది. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్లు అక్కడి ప్రభుత్వ డేటా దించుకుంటే అందులో `EPSG:3082`, `EPSG:3083` అనే రెండు పేర్లు తగలొచ్చు. మొదటిది లాంబర్ట్ కన్ఫార్మల్, రెండోది ఆల్బర్స్ ఈక్వల్ ఏరియా. రెండింటికీ ప్రామాణిక అక్షాంశాలు ఒకటే, 27.5, 35 డిగ్రీలు. ఒకే పొట్లం, రెండు అవసరాలకు రెండు రకాలుగా విప్పారు.

మన దగ్గర రాష్ట్ర స్థాయిలో ఎక్కువగా ఎదురయ్యేది మరో కన్ఫార్మల్ పద్ధతి, యూటీఎం. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ పటాలు ఇందులోనే ఉంటాయి. భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశాలుగా నిలువు చీలికలు చేసి, ఒక్కో చీలికకు ఒక జోన్ సంఖ్య ఇచ్చారు. 72 నుంచి 78 వరకు 43వ జోన్, 78 నుంచి 84 వరకు 44, ఆ తర్వాత 45. ఆంధ్రప్రదేశ్ ఈ మూడింటిలోనూ ఉంది. అనంతపురం 43లో, విజయవాడ 44లో, పలాస, ఇచ్ఛాపురం 45లో. తెలంగాణలోనూ జహీరాబాద్, నారాయణపేట 43లో పడి, హైదరాబాద్ 44లో ఉంటుంది.

జోన్ల గీతలు రాష్ట్రాలను చూసి గీసినవి కావు. దీంతో వచ్చే ఇబ్బంది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రతి జోన్‌లోనూ నడిమి రేఖాంశానికి తూర్పు కోఆర్డినేట్ 5,00,000 మీటర్లే. అనంతపురం జిల్లా డేటా 43లో తయారై వచ్చి, దాన్ని 44 అని సాఫ్ట్‌వేర్‌కు చెబితే ఏ హెచ్చరికా రాదు. అంకెలు రెండు జోన్లలోనూ చెల్లుతాయి మరి. అనంతపురం కచ్చితంగా ఆరు డిగ్రీలు, అంటే దాదాపు 645 కిలోమీటర్లు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. ఏదైనా జిల్లా సముద్రంలో కనిపించి, అక్షాంశం మాత్రం సరిగ్గా ఉంటే ముందు జోన్ సంఖ్యనే అనుమానించాలి. ఒక డిగ్రీలో ఎన్నో వంతు తప్పినా వేరే కారణం ఉండొచ్చు గానీ, సరిగ్గా ఆరు డిగ్రీలు తప్పితే మాత్రం వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఈ గొడవకు భయపడి రాష్ట్రాన్ని మూడు ముక్కలుగా గీయాల్సిన పని లేదు. 44వ జోన్ నడిమి రేఖాంశం 81 డిగ్రీలు, ఆంధ్రప్రదేశ్ నడుమనే పోతుంది. అదే జోన్‌ను రెండు వైపులా కాస్త పొడిగించి మొత్తం రాష్ట్రానికి వాడేయొచ్చు. అలా చేస్తే అనంతపురం దగ్గర కిలోమీటరుకు మీటరుంబావు, ఇచ్ఛాపురం దగ్గర మీటరున్నర ఎక్కువ చూపిస్తుంది. పడమర కొసన రెండు మీటర్లు దాటుతుంది. గోడకు వేలాడదీసే పటానికి ఇది ఏ లెక్కలోకీ రాదు. ఇంజినీరింగ్ పనికి మాత్రం ఆ గుణకాన్ని లెక్కలో చేర్చుకోవాలి.

దేశం సంగతి వేరు. ఇక్కడ తేడా కంటికి తెలిసే స్థాయికి వస్తుంది. భారతదేశం మొత్తానికి వాడే లాంబర్ట్ కన్ఫార్మల్ ఒకటి `EPSG:7755` పేరుతో సిద్ధంగా దొరుకుతుంది. దాని ప్రామాణిక అక్షాంశాలు సుమారు 12.5, 35.2 డిగ్రీలు, నడిమి రేఖాంశం 80. రెండు అక్షాంశాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి నడుమ కుదింపు కూడా ఎక్కువ. మధ్యప్రదేశ్‌లోని సాగర్ దగ్గర వంద కిలోమీటర్లు 98గా కనిపిస్తాయి, హైదరాబాద్ దగ్గర 98.7గా, కన్యాకుమారి దగ్గర 101.8గా. విస్తీర్ణంలో ఇది రెట్టింపు అవుతుంది. సాగర్ నేల నాలుగు శాతం చిన్నదై, కన్యాకుమారి నేల మూడున్నర శాతం పెద్దదవుతుంది. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు జిల్లాలు, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఉంటే పటంలో వాటి మధ్య దాదాపు ఎనిమిది శాతం తేడా వస్తుంది.

చుక్కల పటంలో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. పదివేల మందికి ఒక చుక్క చొప్పున జనాభా పటం గీశారనుకుందాం. జనసాంద్రత ఒకటే అయినా, కుదించిన చోట చుక్కలు దగ్గరదగ్గరగా పడతాయి, సాగిన చోట పలచబడతాయి. లాంబర్ట్‌లో ఎనిమిది శాతం తేడా కంటికి కొంతవరకు తప్పించుకోవచ్చు. వెబ్ మెర్కేటర్‌లో కాశ్మీరం, కన్యాకుమారుల మధ్య 40 శాతం తేడా తప్పించుకోదు. ఉత్తరాదిలో జనం ఉన్నదానికంటే పలచగా, దక్షిణాదిలో చిక్కగా ఉన్నట్టు ఆ పటం చెబుతుంది. పటం గీసినవారికి అలా చెప్పే ఉద్దేశం లేకపోయినా అలాగే చెబుతుంది. ఇలాంటి పటానికి ఆల్బర్స్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. అవే ప్రామాణిక అక్షాంశాలతో ఆల్బర్స్ వేస్తే చుక్కల చిక్కదనం అంతటా నిజమే చెబుతుంది. దానికి చెల్లించే మూల్యం చాలా చిన్నది. సాగర్ దగ్గర నేల మీద వంద కిలోమీటర్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తం, పటంలో ఉత్తర దక్షిణాలకు 102, తూర్పు పడమరలకు 98గా కాస్త కోలగా మారుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే తప్ప అది వృత్తం కాదని ఎవరూ అనరు.

దేశపు పటాల్లో కన్ఫార్మల్‌కు చోటు లేదని కాదు. విమానయానానికి వాడే పటాలను లాంబర్ట్ కన్ఫార్మల్‌లోనే గీస్తారు. దిక్కు కోణాలు నిలవడం ఒక కారణమైతే, వాటి మీద గీసిన సరళరేఖ గోళం మీది అతి దగ్గరి దారికి చాలా చేరువగా ఉండటం మరో కారణం. గాలి దిశను బాణాలతో చూపే పటానికీ కోణమే ముఖ్యం.

కోన్ రకం ఏదైనా ఒక పక్క ఫలితం గుర్తుంచుకోవాలి. అందులో రేఖాంశాలు నిటారుగా ఉండవు, విసనకర్ర పుల్లల్లా పైకి దగ్గరవుతాయి. 80 డిగ్రీల రేఖాంశం మీద ఉత్తరం నేరుగా పైకి ఉంటే, అరుణాచల్ తూర్పు కొసన దాదాపు ఏడు డిగ్రీలు ఎడమకు వాలుతుంది, గుజరాత్‌లో నాలుగైదు డిగ్రీలు కుడికి వాలుతుంది. అలాంటి పటం మూలన ఒక్క ఉత్తర బాణం పెట్టడం తప్పు సమాచారం ఇవ్వడమే. బాణం తీసేసి, ఐదేసి డిగ్రీలకు పలచటి అక్షాంశ రేఖాంశాలు గీస్తే ఉత్తరం ఎటో ప్రతి చోటా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పటంలో ఈ వాలు కొసల్లో కూడా సుమారు ఒక డిగ్రీయే, అక్కడ బాణం ఉన్నా ఇబ్బంది లేదు.

ఆ పలచటి గీతలే పటం ఏ ప్రొజెక్షన్‌లో ఉందో పట్టిచ్చే ఆధారం కూడా. గడులన్నీ ఒకే కొలత చతురస్రాలైతే డిగ్రీలను నేరుగా గ్రాఫులా పరిచారన్నమాట. నిలువు గీతలు సమాంతరంగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ గడుల ఎత్తు పెరుగుతుంటే మెర్కేటర్. అడ్డగీతలు కొద్దిగా వంపు తిరిగి, నిలువు గీతలు పైకి దగ్గరవుతుంటే కోన్. అది లాంబర్టా ఆల్బర్సా అన్నది రాష్ట్రపు పటంలో కంటితో తేలదు. అందుకే పటం కింద ప్రొజెక్షన్ పేరు, ప్రామాణిక అక్షాంశాలు, నడిమి రేఖాంశం ఒక్క వరసలో అచ్చువేయడం చాలా అవసరం. ఆ వరస లేని పటం మీద విస్తీర్ణాలు పోల్చే సాహసం నేను చేయను.

విస్తీర్ణం అంకెగా కావాలంటే పటం దాకా రానక్కర్లేదు కూడా. క్యూజీఐఎస్ వాడేవారికి ఇందులో ఒక ఉచ్చు ఉంది. `$area` అని అడిగితే, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ పెట్టి ఉన్నంతవరకు, అది వంపు తిరిగిన భూమి మీదే లెక్కించి చెబుతుంది. `area($geometry)` అని అడిగితే ఆ పొర ఏ కోఆర్డినేట్లలో ఉంటే వాటిని చదును కాగితం అనుకుని లెక్కిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పొర డిగ్రీల్లో ఉంటే 13 చిల్లర అనే జవాబు వస్తుంది. అవి చదరపు డిగ్రీలు. ఇది నయం, అంకె చూడగానే తప్పని తెలిసిపోతుంది. అదే పొర `EPSG:3857`లో ఉంటే లక్షా డెబ్బై ఏడు వేల చదరపు కిలోమీటర్లు వస్తుంది. ఇది చూడ్డానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, కాబట్టి ఇదే ప్రమాదం. ప్రభుత్వ లెక్క 1,62,970 చదరపు కిలోమీటర్లు పక్కన పెట్టుకుని చూస్తే తప్ప దొరకదు.

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాలను పక్కపక్కన చూపాల్సి వస్తే మాత్రం తెలంగాణకు ఒక ప్రొజెక్షన్, ఆంధ్రప్రదేశ్‌కు ఇంకొకటి పెట్టకూడదు. రెండింటికీ కలిపి ఒకే పొట్లం చేయాలి. కింద 12.6, పైన ఆదిలాబాద్ దాటి 19.9 డిగ్రీలు, ఆరో వంతు 1.2. ప్రామాణిక అక్షాంశాలు 13.8, 18.7 అవుతాయి, నడిమి రేఖాంశం 80.8 దగ్గరే ఉంచొచ్చు. రెండు పటాలకూ స్కేలు కూడా ఒకటే ఉండాలి. పత్రికలో చోటు చాలక తెలంగాణను కొంచెం పెద్దది చేసి, ఆంధ్రప్రదేశ్‌ను కుదించి పేజీలో ఇమిడిస్తే, ఆల్బర్స్ జాగ్రత్తగా నిలిపిన విస్తీర్ణం ఆ పేజీలోనే పోతుంది.